తెలుగు సంభాషణకు పెదవుల కదలిక: ‘ఒంటిమిట్టకు పోదాం పా’ వాక్యం ఆధారంగా లిప్‌సింక్ విశ్లేషణ

వ్యాససంగ్రహం

యానిమేషన్‌లో ముందుగా రికార్డు చేసిన సంభాషణకు పాత్ర నోటి ఆకృతులను జతపరచే ప్రక్రియను లిప్‌సింక్ అంటారు. ఈ ప్రక్రియకు ఆధారంగా వాడుతున్న నోటి ఆకృతుల పట్టికలు ప్రధానంగా ఆంగ్ల ఉచ్చారణను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. తెలుగు రాతను చూసి అక్షరానికొక ఆకృతి చొప్పున అమర్చినా ఫలితం సరిగా రాదు. రాతలోని బిందువు, ద్విత్వం, పదాంతంలోని ఉకారం పెదవులపై కనిపించే తీరు వేరు. కడప జిల్లాలోని ఒంటిమిట్ట పేరుతో మొదలయ్యే ఒక చిన్న వాడుక వాక్యాన్ని తీసుకొని, చేతి చిత్రాల పద్ధతిలోనూ రిగ్ పద్ధతిలోనూ దానికి పెదవుల కదలికను ఏ విధంగా అమర్చాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: లిప్‌సింక్, యానిమేషన్, ఓష్ఠ్యాలు, అనుస్వారం, ద్విత్వం, రిగ్, ఎక్స్‌పోజర్ షీట్.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమాకు డబ్బింగ్ కొత్త కాదు. అక్కడ తెరపై పెదవులు ముందే కదిలి ఉంటాయి. వాటికి సరిపోయే మాటలను రచయిత వెతుకుతాడు, గాత్రధారి ఆ వేగానికి తగినట్టు పలుకుతాడు. యానిమేషన్‌లో సాధారణంగా ఈ క్రమం తిరగబడుతుంది. సంభాషణ ముందు రికార్డవుతుంది, పెదవులు తర్వాత పుడతాయి. అమెరికాలో ఫ్లైషర్ స్టూడియో తీసిన తొలి పొపాయ్ చిత్రాలలో బొమ్మలు పూర్తయ్యాక గాత్రం చేర్చేవారు. పొపాయ్ నోరు కదపకుండానే గొణిగే మాటలు అందుకే అన్ని వినిపిస్తాయి. డిస్నీ స్టూడియో అనుసరించిన ముందస్తు రికార్డింగ్ పద్ధతి తర్వాతి కాలంలో ప్రమాణంగా స్థిరపడింది.

సంభాషణ ముందే ఉన్నప్పుడు యానిమేటర్ దానిని ఫ్రేముల లెక్కలోకి మార్చుకోవాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఏ ధ్వని ఏ ఫ్రేములో మొదలై ఎక్కడ ముగుస్తుందో నమోదు చేసే పట్టికకు ఎక్స్‌పోజర్ షీట్ అని పేరు. ఈ పట్టికలో ధ్వని పక్కన ఏ నోటి ఆకృతిని రాయాలన్నదే అసలు ప్రశ్న. ప్రెస్టన్ బ్లెయిర్ 1940వ దశకంలో ప్రచురించిన యానిమేషన్ పాఠ్యగ్రంథంలోని నోటి ఆకృతుల పట్టిక నేటికీ తరగతి గదులలో ప్రచారంలో ఉంది. అది ఆంగ్ల అక్షరాల ఆధారంగా ఏర్పడిన వర్గీకరణ. 2006లో వచ్చిన ‘కిట్టు’ మొదలుకొని తెలుగులో యానిమేషన్ చిత్రాలు వస్తున్నా, తెలుగు ధ్వనుల ఆధారంగా ఇటువంటి పట్టికను విడిగా ఆలోచించుకోవలసిన అవసరం అలాగే ఉంది.

2. కంటికి కనిపించే ధ్వని, కనిపించని ధ్వని

తెలుగు వర్ణమాలను వ్యాకరణ సంప్రదాయం ఉచ్చారణ స్థానాలను బట్టి విభజించింది. లిప్‌సింక్‌కు ఆ విభజన ఎంతో ఉపకరిస్తుంది, అయితే అన్ని వర్గాలూ సమాన ప్రాధాన్యం కలవి కావు. కంఠ్యాలైన క, గ లు నోటి వెనుక భాగంలో పుడతాయి. మూర్ధన్యాలైన ట, డ, ణ లలో నాలుక వెనుకకు వంగుతుంది. ఇవేవీ ఎదుటివారికి కనిపించవు. త, ద, న లలో నాలుక కొస దంతాలను తాకడం కొద్దిగా కనిపించవచ్చు. ఓష్ఠ్యాలైన ప, బ, మ లు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే రెండు పెదవులూ పూర్తిగా కలుస్తాయి.

ఈ కారణంగా తెలుగుకు ఎనిమిది ఆకృతులు ప్రాథమికంగా సరిపోతాయి. పెదవులు గట్టిగా కలిసే ‘మూత’ ప, బ, మ లకు. ‘సన్నని తెరపు’ ఇ, ఈ లకు, పెదవుల ప్రమేయం లేని చాలా హల్లులకు. ‘మధ్య తెరపు’ ఎ, ఏ లకు, హ్రస్వ అకారానికి. ‘పెద్ద తెరపు’ ఆకారానికి. ‘గుండ్రని తెరపు’ ఒ, ఓ లకు. పెదవులు ముందుకు చొచ్చుకువచ్చే ‘ముడుపు’ ఉ, ఊ లకు. పైపళ్లు కింది పెదవికి చేరువయ్యే ‘పంటి-పెదవి’ ఆకృతి వకారానికి, ‘ఆఫీసు’ వంటి మాటల్లోని ఫకారానికి. చివరిది ‘విరామం’, అంటే మాట లేనప్పటి సహజస్థితి. మూతకూ విరామానికీ తేడా పాటించాలి. మూతలో పెదవులు ఒకదానినొకటి నొక్కుకుంటాయి, విరామంలో కేవలం ఆనుకుంటాయి.

ఈ ఎనిమిదింటిలో తప్పితే క్షమించరానిది మూత ఒక్కటే. ఇకారానికి బదులు ఎకారం ఆకృతి పడినా ప్రేక్షకుడు సాధారణంగా గమనించడు. మకారం వినిపిస్తూ ఉండగా పెదవులు తెరిచి ఉంటే వెంటనే గమనిస్తాడు. దీనికి మనోవిజ్ఞానం నుంచి ఒక ఆధారం ఉంది. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు ‘బ’ అనే ధ్వనిని ‘గ’ పలుకుతున్న నోటి దృశ్యంతో జతచేసి చూపించగా చాలామందికి ‘ద’ అని వినిపించింది. అంటే తప్పు ఆకృతి చూడడానికి వికారంగా ఉండడంతోనే ఆగదు, వినికిడిని కూడా మార్చగలదు.

3. రాత చెప్పేది, పెదవి చేసేది

కడప, కర్నూలు ప్రాంతాల వాడుకలో ‘వెళ్దాం పద’ అనే భావానికి ‘పోదాం పా’ అంటారు. ‘ఒంటిమిట్టకు పోదాం పా’ అన్న ఎనిమిది అక్షరాల వాక్యంలో తెలుగు లిప్‌సింక్‌కు సంబంధించిన ముఖ్య సమస్యలన్నీ కలిసి వస్తాయి.

మొదటిది ఒకారం. తెలుగులో పదాదిన ఉన్న ఒకారాన్ని పలికేటప్పుడు ముందు లీలగా వకారం వంటి ధ్వని తోస్తుంది. అందుకే ఈ ఊరి పేరును కొందరు ‘వొంటిమిట్ట’ అని రాస్తారు. ఆంగ్లలిపిలోనూ ‘వి’ అక్షరంతోనే మొదలుపెడతారు. ఆంగ్లలిపిలో రాసిన సంభాషణ ప్రతిని చేతపట్టుకున్న యానిమేటర్ ఆ అక్షరాన్ని చూసి పంటి-పెదవి ఆకృతిని వేసే ప్రమాదం ఉంది. నిజానికి ఇక్కడ పళ్లు పెదవిని తాకవు. పెదవులు ముందు ముడుపుగా చేరి, ఆ వెంటనే గుండ్రంగా తెరుచుకుంటాయి.

రెండవది అనుస్వారం. ఈ వాక్యంలో బిందువు రెండుచోట్ల ఉంది. ‘ఒంటి’లో దాని తర్వాత టకారం ఉంది కనుక అది ణకారంగా పలుకుతుంది. పెదవులు కలవవు. ‘పోదాం’లో అది మకారం, పెదవులు కలుస్తాయి. రాతలో గుర్తు ఒక్కటే, పెదవులపై ఫలితం రెండు. ‘వంక’, ‘మంచి’, ‘గంట’, ‘సంత’ అన్న మాటల్లో బిందువుకు మూత అవసరం లేదు. ‘కంప’లో అవసరం. బిందువు తర్వాత పవర్గాక్షరం ఉందా, లేక బిందువు పదాంతంలో ఉందా అని చూసుకోవాలి. పదాంతంలో ఉన్నప్పుడు కూడా వేగంగా మాట్లాడేవారు మకారాన్ని పూర్తిగా పలకక అచ్చును ముక్కుతో పలికి వదిలేయవచ్చు. అప్పుడు రికార్డింగే ప్రమాణం, రాత కాదు.

మూడవది ద్విత్వం. ‘మిట్ట’లో ట్ట పలికేటప్పుడు గాలి పూర్తిగా ఆగుతుంది. ధ్వనితరంగ చిత్రంలో అక్కడ ఒక చదునైన గీత కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దానిని మాటల మధ్య విరామంగా భావించి నోరు మూసేస్తారు. అప్పుడు తెరపై పాత్ర ‘మిప్ప’ అన్నట్టు కనిపిస్తుంది. గాలిని ఆపినది నాలుక, పెదవులు కాదు. కాబట్టి అక్కడ సన్నని తెరపును కదలకుండా నిలిపి ఉంచాలి. ‘అప్ప’, ‘అమ్మ’ వంటి మాటల్లో మాత్రం ఆ నిలుపు మూతగానే ఉండాలి.

నాలుగవది ఉకారం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, వాటిలో ఉకారం తరచుగా వస్తుంది. ‘వచ్చినాడు’, ‘ఊరు’, ‘నాకు’ వంటి మాటల చివర ఈ ఉకారం తేలికగా పలుకుతుంది. ప్రతిచోటా నిండు ముడుపు వేస్తే పాత్ర మాటిమాటికీ ఈల వేస్తున్నట్టు ఉంటుంది. పదాంత ఉకారానికి ముడుపు సగం చాలు. మన వాక్యంలో మాత్రం ‘కు’ తర్వాత ‘పో’ ఉంది. ఉకారంలో గుండ్రమైన పెదవులు ఆ గుండ్రదనాన్ని విడవకుండానే పకారానికి మూతపడి, ఓకారానికి తెరుచుకుంటాయి. అందువల్ల ఇక్కడి మూత కూడా కొంచెం ముందుకు చొచ్చిన మూతే.

ఐదవది ‘దాం పా’ సంధిస్థలం. మకారం, పకారం పక్కపక్కన ఉన్నాయి. రాతలో రెండు పదాలు, రెండు అక్షరాలు. పెదవులు మాత్రం ఒక్కసారే కలిసి, కొంతసేపు నిలిచి, ఒక్కసారే విడిపోతాయి. రెండుసార్లు మూసి తెరిస్తే నోరు టపటపలాడుతున్నట్టు కనిపిస్తుంది.

4. ఎక్స్‌పోజర్ షీట్: ఒక నమూనా

ఈ వాక్యం నిదానంగా పలికినప్పుడు, ముందూ వెనుకా ఉన్న నిశ్శబ్దంతో కలిపి రెండున్నర సెకన్లు, అంటే 60 ఫ్రేములు పట్టిందనుకుందాం. కింది అంకెలు ఉదాహరణ కోసం అమర్చినవి. మాట్లాడే మనిషిని బట్టి నిడివి మారుతుంది, క్రమం మారదు.

| ధ్వని వినిపించే ఫ్రేములు | ధ్వని | నోటి ఆకృతి |
|---|---|---|
| 1–4 | నిశ్శబ్దం | విరామం. 3 నుంచి ముడుపు |
| 5–9 | ఒ | గుండ్రని తెరపు |
| 10–13 | ణ్ట్ | సన్నని తెరపు వైపు మార్పు |
| 14–15 | ఇ | సన్నని తెరపు |
| 16–17 | మ్ | మూత |
| 18–19 | ఇ | సన్నని తెరపు |
| 20–23 | ట్ట్ | అదే తెరపు నిలుపు |
| 24–25 | అ | మధ్య తెరపు |
| 26–28 | కు | ముడుపు |
| 29–31 | ప్ | ముందుకు చొచ్చిన మూత |
| 32–35 | ఓ | గుండ్రని తెరపు |
| 36–37 | ద్ | సన్నని తెరపు |
| 38–42 | ఆ | పెద్ద తెరపు |
| 43–46 | మ్ + ప్ | ఒకే మూత |
| 47–53 | ఆ | పెద్ద తెరపు, క్రమంగా తగ్గుతూ |
| 54–60 | నిశ్శబ్దం | విరామం |

చేతితో గీసే పద్ధతిలో ఒక్కో చిత్రాన్ని రెండేసి ఫ్రేములు చూపించడం పరిపాటి. దీని ప్రకారం 1–2, 3–4, 5–6 అన్నట్టు ఫ్రేములు జతలవుతాయి. ధ్వనులు మాత్రం ఈ జతలకు లోబడి రావు. మన పట్టికలో మకారం 16–17 ఫ్రేములలో ఉంది. అది 15–16, 17–18 అనే రెండు జతల మధ్య చీలిపోయింది. అప్పుడు మూతను ముందు జతకు, అంటే 15–16కు ఇవ్వాలి. 17–18కి ఇస్తే ధ్వని మొదలయ్యాక పెదవులు కలిసినట్టు అవుతుంది.

బొమ్మ ముందుండాలి, వెనుకబడకూడదు అన్న ఈ నియమానికి కారణం మనిషి అనుభవంలోనే ఉంది. దూరంగా బట్టలు ఉతికేవారి చేయి ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఈ క్రమానికి మనం అలవాటుపడ్డాం. తిరుగుక్రమానికి అలవాటుపడలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రసార ప్రమాణాలలో, ధ్వని బొమ్మకన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందుకు వస్తే వీక్షకులు గుర్తించగలరనీ, వెనుకబడినప్పుడు సుమారు 125 మిల్లీసెకన్ల వరకు గుర్తించలేరనీ పేర్కొంది. 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. అంటే పెదవులు ధ్వనికన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు కదిలితే హాని లేదు. ఒకటికి మించి ఆలస్యమైతే తప్పు బయటపడుతుంది.

‘పో’లోని పకారం మరో రకం చిక్కు తెస్తుంది. మూత 29–31, తెరుచుకునే ధ్వని 32లో. 31–32 జతకు మూత వేస్తే నోరు 33లో తెరుచుకుంటుంది, ఒక ఫ్రేము ఆలస్యం. 31–32 జతకు గుండ్రని తెరపు వేస్తే నోరు ఒక ఫ్రేము ముందు తెరుచుకుంటుంది. రెండవదే మేలు. మూతకు అప్పటికీ 29–30 అనే రెండు ఫ్రేములు మిగులుతాయి. రెండు ఫ్రేములకన్నా తక్కువసేపు ఉన్న మూతను కన్ను పట్టుకోలేకపోవచ్చు. అవసరమైతే తక్కిన దేహాన్ని రెండేసి ఫ్రేములలో ఉంచి, నోటిని మాత్రం ఒక్కో ఫ్రేముకు గీయవచ్చు.

5. రిగ్ పద్ధతిలో మారే విషయాలు

రిగ్ అంటే బొమ్మ లోపల అమర్చిన నియంత్రణల చట్రం. రిగ్ చేసిన ద్విమితీయ పాత్రలో నోటి చిత్రాలను మార్చి మార్చి పెట్టే పద్ధతి ఉంటే పై పట్టిక దాదాపు యథాతథంగా పనికివస్తుంది. త్రిమితీయ పాత్రలో దవడ ఎముక ఒకటి, పెదవుల ఆకృతులు కొన్ని ఉంటాయి. బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఆకృతికి 0 నుంచి 1 వరకు విలువ ఇస్తారు. యానిమేటర్ కొన్ని ఫ్రేములలో మాత్రమే విలువలను నిర్ణయిస్తాడు. వీటిని కీలు అంటారు. మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ పూరిస్తుంది. చేతి చిత్రాలలో లేని తప్పులు ఈ పూరణలోనే పుడతాయి.

‘దాం పా’నే తీసుకుందాం. పెద్ద తెరపు 41లో, మూత 44లో, మళ్లీ పెద్ద తెరపు 47లో అని మూడే కీలు పెడితే, మూత విలువ 1కి చేరేది ఒక్క క్షణమే. 42, 43 ఫ్రేములలో పెదవులు మూసుకుంటూ, 45, 46లో తెరుచుకుంటూ ఉంటాయి. కీ పెట్టిన యానిమేటర్‌కు మూత ఉన్నట్టే తోస్తుంది, చూసేవారికి మాత్రం పాత్ర ‘దావా’ అన్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడు మూతకు రెండు కీలు. 42లో విలువ 0, 43లో 1, 46లో 1, 47లో 0. 43, 46ల మధ్య వక్రరేఖ చదునుగా ఉండాలి. లేకపోతే అది 1ని దాటి, పెదవులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవచ్చు.

రెండవ తప్పు విలువల కలయికలో ఉంది. ‘కుపో’ వద్ద మూత 1, ముడుపు 0.5 కలిసి పనిచేయాలి. ముడుపు ఆకృతిని పెదవులు విడిగా ఉన్నట్టు చెక్కి ఉంటే, దాని సగం విలువ మూతకు చేరి పెదవుల మధ్య సన్నని సందును వదులుతుంది. దూరం నుంచి కనిపించకపోయినా, పక్క నుంచి చూస్తే ఆ సందు తేలిపోతుంది. ముడుపు విలువను తగ్గిస్తే సందు పోతుంది, కానీ గుండ్రదనం కూడా పోతుంది. సరైన పరిష్కారం ఈ రెండూ కలిసినప్పుడు మాత్రమే పనిచేసే సవరణ ఆకృతిని ప్రత్యేకంగా తయారుచేయడం.

మూడవది దవడ. ‘దాం పా’లో మూతకు ఇరువైపులా ఆకారాలున్నాయి. ఆ నాలుగు ఫ్రేములలో దవడ పూర్తిగా పైకి రాదు, కొంతవరకే లేస్తుంది. మిగిలిన దూరాన్ని పెదవులు సాగి పూరిస్తాయి. దవడను ప్రతి మూతకూ పూర్తిగా మూస్తే పాత్ర నమిలినట్టు కనిపిస్తుంది. అసలు లేపకపోతే పెదవులు రబ్బరులా సాగుతాయి. ఈ రెండింటి మధ్య పాళ్లు ఒక్కో పాత్ర ముఖాన్ని బట్టి నిర్ణయించుకోవలసిందే.

స్వయంచాలక సాధనాల సంగతి. రూబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ధ్వనిఫైలును విని ఆకృతుల పట్టికను ఇస్తుంది. దాని సహజ అమరిక ఆంగ్ల పదాలను వెతుకుతుంది. తెలుగుకు భాషతో నిమిత్తం లేని ధ్వని విధానాన్ని ఎంచుకోవాలి.

```
rhubarb -r phonetic -f tsv -o poda.tsv poda.wav
```

ఫలితంలో ప్రతి వరుసలో సెకన్లలో ఒక సమయం, ఒక ఆకృతి అక్షరం ఉంటాయి. అందులో `A` అంటే మూత. సమయాన్ని 24తో గుణించి, భిన్నాన్ని వదిలి, ఒకటి కలిపితే ఫ్రేము సంఖ్య వస్తుంది. మన నమూనాలో ‘దాం పా’ మూత 1.75 సెకన్ల వద్ద, అంటే 43వ ఫ్రేములో రావాలి. ఫలితమంతటినీ సరిచూడనవసరం లేదు. `A` గుర్తు 16, 29, 43 ఫ్రేముల దగ్గర ఉందా, 20–23 మధ్య లేకుండా ఉందా అని చూస్తే చాలు. వాక్యంలో మూతలు మూడే.

6. పరీక్ష, పరిమితి

పని పూర్తయ్యాక ఫ్రేము ఫ్రేముగా కదిపి చూడడం పరీక్ష కాదు. అలా చూసినప్పుడు ప్రతి ఆకృతీ ఒప్పుగానే తోస్తుంది. ధ్వనిని ఆపి మామూలు వేగంతో చూసి మూతలను లెక్కించాలి. మూడు కనిపిస్తే సరి. రెండే కనిపిస్తే ఏదో మూత నిడివి చాలలేదు. నాలుగు కనిపిస్తే ‘ఒంటి’లోని బిందువుకో, ట్ట దగ్గరి నిశ్శబ్దానికో అనవసరంగా నోరు మూసి ఉంటారు, లేదా ‘దాం పా’ను రెండుగా విడగొట్టి ఉంటారు. తర్వాత ధ్వనితో చూసి, నోటి చిత్రాలన్నింటినీ ఒక్కో ఫ్రేము ముందుకూ వెనుకకూ జరిపి ఏ స్థితి సహజంగా ఉందో పోల్చాలి.

మూతలన్నీ సరిగా ఉన్నా పాత్ర మాట్లాడుతున్నట్టు అనిపించకపోవచ్చు. రాయలసీమలో నిమ్మలకుంట వంటిచోట్ల జీవించి ఉన్న తోలుబొమ్మలాటను ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. ఆ బొమ్మలకు కదిలే పెదవులు లేవు. తెర వెనుక పలికే మాట ఏ బొమ్మదో తల, చేయి, ఒంటి ఊపును బట్టి ప్రేక్షకుడు గ్రహిస్తాడు. మన వాక్యంలో బలమంతా చివరి ‘పా’ మీద ఉంది. అది పిలుపు. 47వ ఫ్రేములో నోరు తెరుచుకోవడానికి రెండు మూడు ఫ్రేముల ముందే, అంటే పెదవులు మూతపడి ఉన్నప్పుడే తల కదలడం మొదలుపెట్టాలి. తలను కదలనీయకుండా ఆకారాన్ని ఎంత పెద్దగా తెరిచినా అది పిలుపు కాదు, తెరుచుకున్న నోరు మాత్రమే.

7. ముగింపు

1. తెలుగు లిప్‌సింక్‌కు సంభాషణ ప్రతిని ఆధారం చేసుకోరాదు. రికార్డింగ్‌ను విని, ముందుగా ఓష్ఠ్యాల మూతలను గుర్తించి, తర్వాత గుండ్రని అచ్చులను, చివరగా మిగిలిన ధ్వనులను అమర్చుకోవాలి.

2. అనుస్వారానికి ఒకే ఆకృతి లేదు. పవర్గానికి ముందు, పదాంతంలో మూత రావచ్చు. ఇతర వర్గాల ముందు రాదు.

3. ద్విత్వంలోని నిశ్శబ్దం విరామం కాదు. ముందున్న ఆకృతి నిలుపుదల మాత్రమే. ఓష్ఠ్య ద్విత్వాలలో ఆ నిలుపు మూతగా ఉంటుంది.

4. చేతి చిత్రాలలో మూతను ధ్వనికి ముందున్న జతకు ఇవ్వాలి. రిగ్‌లో మూతకు ఆదిలోనూ అంతంలోనూ సమాన విలువ గల రెండు కీలు ఉండాలి.

ఒక ప్రాంతపు నిదానమైన పలుకుకు తయారైన ఈ పట్టికను మరో ప్రాంతపు వేగానికి యథాతథంగా వాడలేం. ఫ్రేముల సంఖ్య మారుతుంది. ‘ఒంటిమిట్టకు పోదాం పా’ అన్నంత స్పష్టంగా పలికితే మాత్రం పెదవులు కలిసేది మూడుసార్లే.